తొలి రోజు క్యాప్షన్: అన్నం డబ్బా తెరిచాకే పూర్తి చేయండి

ప్రశ్న: మాది రాయగడ జిల్లా గుణుపురం. జనవరిలో డబ్లిన్‌లో కొత్త ఉద్యోగంలో చేరుతున్నాను. మొదటి రోజు ఫొటో పెట్టి, దాని కింద తెలుగులో నాలుగు వాక్యాల క్యాప్షన్ రాయాలని ఉంది. లోపలి కంగారు, బడికి అమ్మ కట్టిన క్యారేజీ జ్ఞాపకం, ఇల్లు, ఈ మూడూ అందులో రావాలి. ఇప్పటికి పదిసార్లు రాశాను. ఏది చూసినా శుభాకాంక్షల కార్డులాగే ఉంది. ఎలా రాయాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

జవాబు:

బాబూ, ఆ రోజు ఇంకా రాకముందే రాస్తున్నారు గనుక అది కార్డులా వస్తోంది. జరగని రోజు గురించి ఎవరు రాసినా ఆశలు, ఆశీస్సులు, కొత్త అడుగులు తప్ప చేతికి మరేమీ దొరకదు. అందువల్ల క్యాప్షన్‌లో సగం మాత్రమే ఇప్పుడు సిద్ధం చేసుకోండి. మిగతా సగాన్ని ఆ రోజు మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచి, పని ముగించుకొని, సాయంత్రం గదికి చేరుకున్నాక రాయండి. ఇప్పుడు రాసిపెట్టుకోదగినది ఏదో, ఆ రోజు కోసం ఖాళీగా వదిలిపెట్టవలసినది ఏదో విడదీసి చెప్పాలంటే కొంచెం వివరంగా రాయక తప్పదు.

నేను కూడా ఒడిశాలోనే, పర్లాకిమిడిలో ఉంటాను. ఒక తెలుగు దినపత్రిక డెస్కులో 26 ఏళ్లు పనిచేశాను. అందులో ఎక్కువ కాలం ఫొటోల కింద వ్యాఖ్యలు రాయడమే నా పని. ఆ పనిలో నేను చేసిన ఒక తప్పు మీ ప్రశ్నకు నేరుగా సంబంధించినది కాబట్టి ముందు దాన్ని చెబుతాను. గల్ఫుకు వెళుతున్న కొడుకును సాగనంపడానికి రైల్వే స్టేషనుకు వచ్చిన ఒక తల్లి ఫొటో ఒక రాత్రి నా బల్ల మీదికి వచ్చింది. ఆమె రైలు పెట్టె కిటికీ దగ్గర నిలబడి, ముఖం ముడుచుకొని లోపలికి చూస్తున్నది. నేను మరో ఆలోచన లేకుండా ‘కన్నీటి వీడ్కోలు’ అని రాసి పంపేశాను. వారం తరువాత ఆమె మా ఊరి విలేఖరి ఇంటికి వెళ్లి, తాను ఏడవలేదని, పులిహోర పొట్లం సంచిలో పైన పెట్టాడా, అడుగున పెట్టి నలిపేశాడా అని కొడుకును అడుగుతున్నానని చెప్పిందట. ఫొటోను తీసి మళ్లీ చూస్తే, కిటికీ లోపల కొడుకు చేతిలో ఆ సంచి స్పష్టంగానే కనబడుతోంది. కళ్ల ముందు ఉన్న సంచిని వదిలేసి, కనబడని కన్నీటిని రాశాను. అప్పటి నుంచి ఏ ఫొటో కింద రాయవలసి వచ్చినా మొదట చేతిలో ఏముందో చూస్తాను. మనసులో ఏముందో, చదివేవారు దాని నుంచి వాళ్లే గ్రహిస్తారు.

కిందటి ఏడాది నవంబరులో మా చెల్లెలి కూతురు జర్మనీలోని మ్యూనిక్‌లో ఉద్యోగంలో చేరింది. మీరు అడిగినదే ఆమె కూడా నన్ను అడిగింది. ఇద్దరమూ ఫోనులో మాట్లాడుకుంటూ ఆ క్యాప్షన్‌ను ఎలా మార్చుకుంటూ వచ్చామో వరుసగా చెబుతాను. ఆమె అనుమతితోనే రాస్తున్నాను.

చేరడానికి రెండు రోజుల ముందు ఆమె పంపిన మొదటి ప్రతి ఇది: “కొత్త దేశం, కొత్త ఆఫీసు, కొత్త ఆశలు. గుండెల్లో చిన్న భయం, మనసంతా ఇల్లు. ఇక్కడ మధ్యాహ్నం, అక్కడ రాత్రి. అమ్మ చేతి అన్నం గుర్తొచ్చిన రోజు.”

వినడానికి బాగానే ఉంది. అయితే నేను ఆమెను ఒక్క పరీక్ష చేయమన్నాను. తనతోపాటు చదువుకొని అమెరికా వెళ్లిన స్నేహితురాలి ఫొటో కింద ఈ నాలుగు వాక్యాలనూ పెట్టి చూడమన్నాను. ఒక్క అక్షరం మార్చనక్కరలేకుండా సరిపోయాయి. పైగా ఆమెకు సరిపోయినంతగా మా పిల్లకు సరిపోలేదు, ఎందుకంటే మూడో వాక్యంలో లెక్క తప్పింది. నవంబరులో జర్మనీ గడియారం మన గడియారం కన్నా నాలుగున్నర గంటలు వెనుక ఉంటుంది. అక్కడ ఆఫీసులో పన్నెండున్నరకు డబ్బా తెరిస్తే పర్లాకిమిడిలో సాయంత్రం అయిదవుతుంది, రాత్రి కాదు. న్యూయార్కులో అదే వేళకు, అదే నెలలో తెరిస్తే మనకు రాత్రి పదకొండు అవుతుంది, కాబట్టి ఆ వాక్యం అక్కడివారు రాసుకున్నది. ఎక్కడో చదివినది తెలియకుండానే చేతిలోకి వచ్చేసింది. ఇలా అరువు వాక్యం ఎక్కడ చొరబడిందో పట్టుకోవడానికి గడియారం లెక్క చాలా మంచి సాధనం.

ఆ లెక్క సరిచేయగానే క్యాప్షన్‌కు అసలైన ఇల్లు దొరికింది. “అయిదు గంటలకు మీ అమ్మ ఏమి చేస్తూ ఉంటుంది?” అని అడిగాను. కార్తీకమాసం కాబట్టి ఆ వేళకు తులసికోట దగ్గర ముగ్గు వేసి, ప్రమిదలో వత్తి సర్దుతూ ఉంటుందని ఆమె చెప్పింది. మన వైపు నవంబరులో అయిదు దాటగానే పొద్దు గూకుతుంది గనుక దీపానికి సరిగ్గా అదే వేళ. “మనసంతా ఇల్లు” అన్నప్పుడు కనబడని ఇల్లు, “పర్లాకిమిడిలో అయిదు, తులసికోట దగ్గర దీపం పెట్టే వేళ” అన్నప్పుడు కనబడుతుంది. ఇది ముందే సిద్ధం చేసుకోగలిగిన సగంలోనిది. ఊరు తెలుసు, నెల తెలుసు, భోజనం వేళ తెలుసు, ఇంట్లో ఆ వేళకు జరిగే పని తెలుసు. అయితే వేసవిలో యూరప్ గడియారాలను ఒక గంట ముందుకు జరుపుతారు. మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం దాకా జర్మనీతో మన తేడా మూడున్నర గంటలే ఉంటుంది. అదే పిల్ల జూన్‌లో చేరి ఉంటే పన్నెండున్నరకు ఇక్కడ నాలుగు అయ్యేది, దీపం మాట అబద్ధమయ్యేది.

ఇక క్యారేజీ. “అమ్మ చేతి అన్నం” అన్న మాటను కొట్టేయమని నేను పట్టుబట్టాను, ఆమెకు అది కొంత కష్టంగానే తోచింది. ఆ మాట తప్పేమీ కాదు, ఎంతోమంది ఎన్నోసార్లు వాడటం వల్ల దానిలో వాసన పోయింది. దాని బదులు నేను ప్రశ్నలు వేశాను. క్యారేజీకి ఎన్ని గిన్నెలు, మూత ఎలా ఉండేది, అడుగున ఏముండేది, పైన ఏముండేది, బడిలో ఎక్కడ కూర్చుని తినేవారు, ఎప్పుడైనా ఒలికిందా అని. ఇలాంటి ప్రశ్నలకు జవాబులు ఒకటి రెండు నిమిషాల పాటు చప్పగానే వస్తాయి, ఆ తరువాత ఉన్నట్టుండి అసలైనది ఒకటి బయటపడుతుంది. ఆమెది రెండు గిన్నెల స్టీలు క్యారేజీ. పక్కన బిగించే కొక్కెం వదులైపోయినందువల్ల, మూత ఊడి పప్పు ఒలకకుండా అమ్మ దాన్ని పాత తెల్ల తుండుగుడ్డలో పెట్టి గట్టిగా ముడివేసి ఇచ్చేది. తెలుగు బడి నుంచి ఒడియా బడికి మారిన మొదటి రోజు మధ్యాహ్నం ఈ పిల్లకు ఆ ముడి విప్పడం చేతకాలేదు. పక్కనున్న వాళ్లను అడగడానికి ఒడియా అంతగా రాదు. ఏడుస్తూ కూర్చుంటే పై తరగతి అమ్మాయి ఒకతె వచ్చి, “ఖాఇలు కి?” అని అడిగి, పళ్లతో ముడి లాగి విప్పి ఇచ్చిందట. తిన్నావా అని దాని అర్థం.

ఆ మాట వినగానే మన క్యాప్షన్ దొరికిందని ఆమెకు చెప్పాను. అందులో కొత్త చోటు ఉంది, రాని భాష ఉంది, అమ్మ కట్టిన అన్నం ఉంది, కంగారు వేళ్లలోకి దిగిన క్షణం ఉంది. కంగారు అన్న మాట మాత్రం అందులో ఎక్కడా లేదు. సరిహద్దు ఊళ్లలో పెరిగిన మన పిల్లలకు విదేశంలో మొదటి రోజు పూర్తిగా కొత్త అనుభవం కాదు. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష ఉన్న చోట వాళ్లు ఇలాంటి మొదటి రోజును చిన్నతనంలోనే ఒకసారి గడిపి ఉంటారు. ఆ రోజును గుర్తు చేసుకుంటే వారి క్యాప్షన్‌కు కావలసిన సామగ్రి చాలావరకు అక్కడే దొరుకుతుందని నా నమ్మకం.

తరువాత వచ్చిన చిక్కు దీనికి పూర్తిగా ఎదురు వైపుది. ఉత్సాహంలో ఆమె ఈ కథనంతా రాసి పంపింది. బడి పేరు, తరగతి, వాన, తుండుగుడ్డ మీద పసుపు మరక, ఆ అమ్మాయి రెండు జడలు అన్నీ వచ్చాయి. బాగా రాసింది, కానీ అది వ్యాసం. ఇన్‌స్టాగ్రామ్‌లో క్యాప్షన్‌కు 2200 అక్షరాల వరకు చోటు ఉంది గనుక ఆ కథ అందులో పడుతుంది. అయితే ఫొటో కింద మొదట కనబడేది సుమారు 125 అక్షరాలే, మిగతాది నొక్కితే గాని తెరుచుకోదు. ఫోను తెర వెడల్పును బట్టి ఇది కొంచెం అటూ ఇటూ అవుతుంది. తెలుగులో రాసేవారు ఇక్కడ ఒక సంగతి గమనించాలి. మనం గుణింతాన్నీ ఒత్తునూ కలిపి ఒకే అక్షరంగా చూస్తాము, యంత్రం వాటిని విడివిడిగా లెక్కిస్తుంది. ‘కార్తీక’ మన కంటికి మూడు అక్షరాలు, ఫోనుకు ఏడు. కాబట్టి ఆ 125 మనకు చిన్న వాక్యాలు రెండింటికి మించి రావు. బడి పేరుతో, తరగతితో మొదలుపెడితే తెరవకుండా చదివేవారికి ఆ బడి పేరు మాత్రమే మిగులుతుంది.

అందుకని కథలోని రెండు చివరలను, అంటే బడిలో ముడిని, ఆఫీసులో డబ్బా మూతను, మొదటి వాక్యంలోనే పక్కపక్కన పెట్టాలని అనుకున్నాము. బడి సగం చేతిలో ఉంది. ఆఫీసు సగం ఇంకా జరగలేదు. ఆ చోటును ఖాళీగా వదిలేసి, సోమవారం మధ్యాహ్నం నాలుగు సంగతులు మాత్రం ఫోనులో గుర్తు రాసుకోమన్నాను. డబ్బా తెరిచేటప్పుడు చేతులు ఏమి చేశాయి, తెరిచాక మొదట వచ్చిన వాసన ఏమిటి, మొదట మాట్లాడిన మనిషి ఏ మాట అన్నారు, అప్పుడు గడియారంలో ఎంతయింది, ఈ నాలుగే. వీటిని వాక్యాలుగా అల్లవద్దని, ఆ పూట ఏ ఫొటో పెట్టవద్దని కూడా చెప్పాను. అప్పటికప్పుడు రాస్తే లోపలి కంగారుకు మాటలు తొందరపడతాయి, ఆ తొందరలో మళ్లీ ‘కొత్త ఆశలు’ వచ్చి కూర్చుంటాయి. అదీకాక చేరిన రోజున పని వేళల్లో ఫోను పట్టుకొని కూర్చోవడం చూసేవారికి బాగుండదు.

ఆ రోజు సాయంత్రం ఆమె పంపిన గుర్తులు ఇలా ఉన్నాయి. నాలుగు వైపులా బిగించే ప్లాస్టిక్ డబ్బా. ఒక్కో కొక్కెం ‘టప్’ మంటుంటే ఎవరైనా తిరిగి చూస్తారేమోనని ఒక్కొక్కటే మెల్లగా తీయడం వల్ల రెండు నిమిషాలు పట్టింది. ఆవ వాసన. ఎదురు బల్ల దగ్గరి పెద్దావిడ ‘మాల్‌ట్సైట్’ అని నవ్వింది. అప్పుడు పన్నెండున్నర. జర్మనీ ఆఫీసుల్లో మధ్యాహ్న భోజనం వేళ ఒకరికొకరు ఎదురుపడితే పలకరింపుగా ఆ మాట అంటారు. మా పిల్లకు ఆ సంగతి అప్పటికి తెలియదు. భోజనం పెట్టెలో తాను ఆ ఉదయం వండుకున్న పప్పన్నం, ఆవ పెట్టిన అరటికాయ కూర ఉన్నాయి. ముందు రోజు రాత్రి అమ్మ ఫోనులో ఆ కూర చెబుతూ, “దించీసేక ఆవ కలుపు” అని రెండుసార్లు హెచ్చరించిందట. పొయ్యి మీద ఉండగానే నూరిన ఆవ వేసి ఉడికిస్తే చేదెక్కి, ఘాటు పోతుంది గనుక మన ఇళ్లలో ఆ మాట ప్రతిసారీ వినబడుతుంది.

ఈ గుర్తులతో ఆమె రాసిన చివరి ప్రతి ఇది:

“క్యారేజీ ముడి విప్పలేక ఏడ్చిన పిల్లకు ఈ రోజు డబ్బా మూత తెరవడానికి రెండు నిమిషాలు పట్టింది. పప్పన్నం, ఆవ పెట్టిన అరటికాయ కూర; ‘దించీసేక ఆవ కలుపు’ అని అమ్మ రెండుసార్లు చెప్పింది. ఇక్కడ పన్నెండున్నర, పర్లాకిమిడిలో అయిదు, తులసికోట దగ్గర దీపం పెట్టే వేళ. ఎదురు బల్ల ఆవిడ ‘మాల్‌ట్సైట్’ అంటే, ఏమిటో తెలియకుండానే తల ఊపాను.”

మొదటి వాక్యం యంత్రం లెక్కలో 90 అక్షరాలు, కాబట్టి తెరవనివారికి కూడా అది పూర్తిగా కనబడుతుంది. దాని తరువాత కూర వస్తుంది, కూర వెంట అమ్మ మాట, ఆ మాట వెంట ఇంటి దీపం, చివరికి చదివేవారు మళ్లీ ఆఫీసు బల్ల దగ్గరికే వచ్చి ఆగుతారు. ఒడియా అమ్మాయి మాటను వదులుకోవలసి వచ్చినందుకు మా ఇద్దరికీ బాధగానే ఉంది. అది చేర్చితే బడి కథను విడమరచి చెప్పవలసి వస్తుంది, అప్పుడు డబ్బా వెనక్కి పోతుంది. ఆ మాట విడిగా మరో రోజు రాసుకోదగినది.

‘దించీసేక’ అన్న మాట గురించి ఆమె నన్ను గట్టిగానే ప్రశ్నించింది. పుస్తకాల్లో ‘దించిన తరువాత’ అని ఉంటుంది కదా, మ్యూనిక్‌లోని తెలుగువారు చూసి ఏమనుకుంటారు అని. నేను ఒప్పుకోలేదు. ఆమె తన వాక్యాలను ఎలా రాసుకున్నా సరే, అమ్మ నోటి మాటను మాత్రం అమ్మ అన్నట్టే ఉంచాలి, లేకపోతే అది అమ్మ గొంతు కాదు. పైగా మన ఊరికి ఈ విషయంలో ఒక చరిత్ర ఉంది. గిడుగు వెంకట రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ, జనం మాట్లాడే తెలుగులోనే రాయాలని, బోధించాలని జీవితమంతా వాదించారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాము. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు ఆయన ఈ ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన నడిచిన వీధుల్లో పెరిగిన పిల్ల తన తల్లి మాటను సవరించుకోవలసిన అవసరం లేదని నేను అన్నాను, ఆమె ఒప్పుకుంది.

ఫొటో విషయంలో కూడా కొంత జాగ్రత్త అవసరమైంది. ఆమె మొదట ఆఫీసు ద్వారం దగ్గర, మెడలో గుర్తింపు కార్డుతో తీసుకున్న ఫొటో పెట్టాలనుకుంది. ఆ కార్డు మీద పేరు, ఉద్యోగి సంఖ్య, బార్‌కోడ్ ఉన్నాయి. ఫొటోను పెద్దది చేసి చూస్తే అన్నీ చదవడానికి వస్తాయి, కాబట్టి దాన్ని పెట్టవద్దన్నాను. జర్మనీలో ఒక వ్యక్తి ముఖం కనబడే ఫొటోను బయట పెట్టాలంటే వారి అంగీకారం ఉండాలని 1907 నుంచే చట్టం ఉంది, అందువల్ల ఎదురు బల్ల ఆవిడ కూడా ఫొటోలో వద్దనుకున్నాము. చివరికి తెరిచిన డబ్బా, దాని మూత మీద ఆమె చేయి, ఇవి మాత్రమే ఉన్న ఫొటో పెట్టింది. క్యాప్షన్ మూత గురించే మాట్లాడుతుంది గనుక అది ముఖం ఉన్న ఫొటో కన్నా బాగా అతికింది. చుట్టుపక్కల కంప్యూటరు తెర గాని, గోడ మీద కాగితాలు గాని పడకుండా చూసుకుంది. సంస్థ పేరు ఎక్కడా రాయలేదు. మీ సంస్థలో ఇలాంటివి పెట్టడానికి ఏవైనా నియమాలు ఉన్నాయేమో చేరేటప్పుడు ఇచ్చే కాగితాల్లో ఒకసారి చూసుకోండి.

తెలుగు రాని సహోద్యోగుల కోసం, ఒడియా స్నేహితుల కోసం అదే క్యాప్షన్‌ను మూడు భాషల్లో ఒకదాని కింద ఒకటి రాయాలని కొందరు అనుకుంటారు. అలా చేస్తే ఏ భాషలోనూ అది క్యాప్షన్‌గా మిగలదు. తెలుగును పైన ఒంటరిగా ఉంచి, కింద మొదటి వ్యాఖ్యగా మిగతా భాషల్లో ఒక్కొక్క సాదా వాక్యం రాస్తే సరిపోతుంది. మా పిల్ల విషయంలో ఇది అవసరం కూడా అయింది. అనువాదం మీట నొక్కితే యంత్రం ‘ఆవ’ను ‘ఆవు’గా పొరబడి, కూర అర్థం పూర్తిగా మార్చేసే ప్రమాదం ఉంది. ఆవాలు నూరి కలిపిన అరటికాయ కూర అని ఆమె ఇంగ్లీషులో ఒక వాక్యం ముందుగానే రాసిపెట్టింది.

ఫోనులో తెలుగు కొట్టేటప్పుడు కనబడే ఒక చిన్న లోపాన్ని కూడా చూసుకోండి. ‘ఆఫీస్’ తరువాత వెంటనే ‘లో’ కొడితే చాలా కీబోర్డుల్లో ఆ రెండూ కలిసిపోయి ‘ఆఫీస్లో’ అని పడుతుంది. ‘ఆఫీసులో’ అని మన పద్ధతిలో రాస్తే ఆ ఇబ్బందే ఉండదు, చదవడానికి కూడా సాఫీగా ఉంటుంది. ‘డబ్లిన్‌లో’ అన్న మాటకూ ఇదే చిక్కు వస్తుంది. అది విడిగా పడకపోతే ‘డబ్లిను ఆఫీసులో’ అని రాయవచ్చు. ఎమోజీల గురించి మీరు అడగలేదు గాని, దీపం వేళ అని రాసిన వాక్యం పక్కన దీపం బొమ్మ పెడితే చదివేవారి మనసులో వెలిగేది ఆగిపోతుందని నాకు అనిపిస్తుంది.

ఇప్పుడు మీ సంగతికి వస్తాను. జనవరిలో డబ్లిన్ గడియారం మనకన్నా అయిదున్నర గంటలు వెనుక ఉంటుంది. అక్కడ పన్నెండున్నరకు మీరు డబ్బా తెరిస్తే గుణుపురంలో సాయంత్రం ఆరు. ఆ నెలలో ఆరు గంటలకు మన వైపు పొద్దు గూకిపోయి ఉంటుంది, కాబట్టి పొద్దు గూకడం, దీపం పెట్టడం వంటివి మీకు పనికిరావు. కార్తీకమూ వెళ్లిపోయి ఉంటుంది. ఒకవేళ ఒంటిగంటకు భోజనం అయితే ఇక్కడ ఆరున్నర అవుతుంది. ఆ వేళకు మీ ఇంట్లో ఏమి జరుగుతుందో ఊహించి రాయకండి. నాన్న వంశధార గట్టు మీద నడిచి ఇంటికి వచ్చే వేళ కావచ్చు, అమ్మ రాత్రి వంటకు బియ్యం కడిగే వేళ కావచ్చు, ఇవేవీ కాకపోవచ్చు కూడా. బయలుదేరే ముందు ఒక సాయంత్రం ఆరు నుంచి ఆరున్నర వరకు ఇంట్లోనే కూర్చొని, ఎవరికీ చెప్పకుండా, ఏ పని జరుగుతోందో చూసి రాసిపెట్టుకోండి. ముందే సిద్ధం చేసుకోవలసిన సగంలో ఇది మొదటిది.

రెండోది క్యారేజీ. మీరు ‘అమ్మ కట్టిన క్యారేజీ’ అని మాత్రమే రాశారు. దాన్ని మీ అమ్మగారి ముందే కూర్చొని గుర్తు చేసుకోండి, ఎందుకంటే మీకు గుర్తులేనిది ఆమెకు తప్పక గుర్తుంటుంది. గిన్నె మీద పేరు చెక్కించారా, మూత కింద ఏ ఆకు పరిచేవారు, మీరు ఏ కూర మిగిల్చి తెచ్చేవారు, దానికి ఆమె ఏమనేవారు అని అడగండి. మిగిల్చి తెచ్చిన కూర గురించి తప్పక అడగండి. తిన్న అన్నం కన్నా మిగిల్చిన అన్నం గురించే అమ్మలకు ఎక్కువ గుర్తుంటుంది, అక్కడే మీకు ఆమె అన్న మాట ఒకటి దొరికే అవకాశం ఎక్కువ. దొరికితే ఆ మాటను ఒత్తుతో సహా అలాగే రాసుకోండి.

కంగారు గురించి ఇప్పుడు ఏమీ రాయకండి. దాని చోటు ఖాళీగా ఉంచి, ఆ రోజు చేతులను గమనించండి. తలుపు తోయవలసిన చోట లాగారా, లిఫ్టులో మీ అంతస్తు దాటిపోయిందా, స్పూను జారిందా, నీళ్ల సీసా మూత రెండుసార్లు బిగించారా, ఏదో ఒకటి తప్పక జరుగుతుంది. ఒకవేళ ఏమీ జరగకుండా రోజు సాఫీగా గడిచిపోతే, అదే నిజం కాబట్టి కంగారు వాక్యం లేకుండానే క్యాప్షన్ రాయండి. క్యారేజీ, గడియారం రెండే ఉన్నా అది నిలబడుతుంది. లేని కంగారును తెచ్చి పెడితే ఇన్నాళ్లూ మిమ్మల్ని ఇబ్బంది పెట్టిన ఆ కార్డు మళ్లీ తిరిగి వస్తుంది.

పూర్తయిన ప్రతిని ఎక్కడా పెట్టకముందు ఇంటికి ఫోను చేసి అమ్మగారికి చదివి వినిపించండి. డబ్లిన్‌లో సాయంత్రం ఆరు అయితే ఇక్కడ రాత్రి పదకొండున్నర అవుతుంది, కాబట్టి ఆమెను నిద్ర లేపకుండా మర్నాడు ఉదయం దాకా ఆగండి. కూర పేరో, ఆమె అన్న మాటో మీరు తప్పు రాసి ఉంటే ఆమె అక్కడే ఆపి సరిచేస్తారు. ఆ సవరణ చేసిన తరువాత పెట్టండి.